నిర్మాణ పురోగతి వీడియో స్క్రిప్ట్‌లో టైమ్‌లాప్స్, స్లోమోషన్ నోట్లు ఎలా రాయాలి?

నిర్మాణ పురోగతి వీడియోలకు స్క్రిప్ట్ రాసేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇక్కడ టైమ్‌లాప్స్, ఇక్కడ స్లోమోషన్ అని స్క్రిప్ట్‌లో స్పష్టంగానే రాశాం. అయినా ఎడిటింగ్‌కు కూర్చునేసరికి ఆ షాట్లు ఎందుకు పనికిరావడం లేదు?” కారణం చాలాసార్లు కెమెరాలో ఉండదు, ఆ నోట్‌లోనే ఉంటుంది. మామూలు షాట్‌కు సైట్ మీద గడిచే సమయమూ తెర మీద గడిచే సమయమూ ఒకటే కనుక, “మేస్త్రీ గోడ కడుతున్నాడు, 4 సెకన్లు” అని రాస్తే సరిపోతుంది. టైమ్‌లాప్స్‌లోనూ స్లోమోషన్‌లోనూ ఆ రెండు సమయాలు వేర్వేరు. రెండింటినీ రాయని నోట్ కెమెరామన్‌కు ఏమీ చెప్పనట్టే. అతను తనకు తోచిన వేగంలో తీస్తాడు, ఎడిటర్ తనకు కావలసిన నిడివికి దాన్ని సాగదీస్తాడు లేదా కుదిస్తాడు, చివరికి తెర మీద మనుషులు మిణుకుమిణుకుమంటూ గంతులు వేస్తారు.

ఈ వ్యాసంలో ఒకే సందర్భాన్ని తీసుకుని నోట్ ఎలా రాయాలో మొదటి నుంచి చివరి వరకు చూద్దాం. అది ఒక భవనానికి స్లాబ్ కాంక్రీట్ వేసే రోజు. నెలవారీ పురోగతి వీడియోలో దానికి 30 సెకన్లు కేటాయించారనుకుందాం. వీడియో సెకనుకు 25 ఫ్రేముల చొప్పున తయారవుతోందని కూడా అనుకుందాం. మీ వీడియో సెకనుకు 24 లేదా 30 ఫ్రేములదైతే, కింది లెక్కల్లో 25 ఉన్నచోట ఆ అంకె వేసుకోండి.

కావలసినవి

నోట్ రాయడానికి కూర్చునే ముందు మీ దగ్గర నాలుగు విషయాలు ఉండాలి. మొదటిది, ఆ రోజు పని ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుందన్న సైట్ ఇంజినీర్ అంచనా. రెండవది, కాంక్రీట్ పంపు ఎక్కడ నిలబడుతుందో, పోత ఏ మూల నుంచి మొదలై ఏ వైపు సాగుతుందో చూపే చిన్న చిత్రం; కాగితం మీద చేత్తో గీసినదైనా చాలు. మూడవది, మీ వీడియో సెకనుకు ఎన్ని ఫ్రేములో ఎడిటర్ నుంచి తీసుకున్న ఖాయమైన సమాచారం. నాలుగవది, కెమెరా గురించిన వివరాలు: టైమ్‌లాప్స్‌లో ఒక ఫొటోకూ తరువాతి ఫొటోకూ మధ్య ఉండే వ్యవధిని, అంటే ఇంటర్వెల్‌ను, పెట్టుకునే సదుపాయం అందులోనే ఉందా, మామూలు వేగం కాక ఇంకా ఏయే వేగాల్లో రికార్డు చేయగలదు, రోజంతా కరెంటు అందించే ఏర్పాటు ఉందా. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా ఫోన్ చేసి తెలుసుకున్నాకే రాయడం మొదలుపెట్టండి.

1. సైట్ సమయాన్ని పని భాషలో రాసుకోండి

“స్లాబ్ పోత: ఉదయం 7 నుంచి సాయంత్రం 4 వరకు” అని రాసుకుంటే 9 గంటల పని అని తెలుస్తుంది. అయితే ఆ 9 గంటలూ ఒకేలా సాగవు. పంపు అమర్చి మొదటి కాంక్రీట్ పడేవరకు ఫ్రేములో దాదాపు ఏమీ మారదు. తరువాత తడి కాంక్రీట్ అంచు ఇనుప కంబి మీదుగా నెమ్మదిగా జరుగుతూ వస్తుంది. చివరి గంటలో మట్టం చేయడం, నునుపు చేయడం తప్ప పెద్ద కదలిక ఉండదు. మధ్యలో భోజన విరామం, కాంక్రీట్ బండి ఆలస్యం, వాన వంటివి రావచ్చు. వీటిని ముందుగానే ఇంజినీర్‌ను అడిగి నోట్ పక్కన రాసుకోండి. ఎందుకంటే అసలు కథను చెప్పేది ఆ తడి అంచే. కెమెరా ఎక్కడ ఉండాలన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది.

నోట్‌లో మొదలు, ముగింపు రెండింటికీ కొంత అదనపు సమయం కలపండి. మొదటి కాంక్రీట్ పడటానికి 10 నిమిషాల ముందు కెమెరా మొదలవ్వాలనీ, పని అయ్యాక మరో 10 నిమిషాలు నడవాలనీ రాయండి. ఖాళీ కంబి వల ఒక క్షణం కనిపించకపోతే దాని మీద కాంక్రీట్ నిండడం ప్రేక్షకుడికి మార్పుగా తోచదు.

2. ఏ షాట్‌కు ఏ వేగమో తేల్చుకోండి

చాలా స్క్రిప్ట్‌లు తప్పటడుగు వేసేది ఇక్కడే. కంటితో చూస్తే ఓపిక పట్టలేనంత నెమ్మదిగా జరిగే మార్పుకు టైమ్‌లాప్స్ వాడాలి, కంటికి అందనంత వేగంగా జరిగే దానికి స్లోమోషన్ వాడాలి. ఈ రెండింటికీ మధ్యలో ఉన్న ప్రతిదీ మామూలు వేగంలోనే బాగుంటుంది.

క్రేన్ కంబి కట్టను పైకి ఎత్తే దృశ్యానికి స్లోమోషన్ అడుగుతుంటారు. అది ఇప్పటికే నెమ్మదిగా కదులుతున్న వస్తువు. దాన్ని నాలుగు రెట్లు నెమ్మదిస్తే తెర మీద బొమ్మ ఆగిపోయినట్టు ఉంటుంది. వైబ్రేటర్ సూది కాంక్రీట్‌లో దిగే దృశ్యమూ అంతే. సూది కంపనం నిమిషానికి వేల సార్లు జరుగుతుంది కనుక నాలుగు రెట్ల నెమ్మదిలో దాన్ని పట్టుకోలేం. బుడగలు పైకి వచ్చి పగలడం, కాంక్రీట్ చదునై మెరవడం మామూలు వేగంలోనే చక్కగా కనిపిస్తాయి. పంపు గొట్టం నోటి నుంచి కాంక్రీట్ దూకి కంబి మీద విరజిమ్మడం మాత్రం ఒకటిన్నర సెకనులో అయిపోతుంది. స్లోమోషన్‌కు ఇది తగిన చోటు. వెల్డింగ్ నిప్పురవ్వలు, క్యూరింగ్ నీటి చిమ్మడం కూడా ఆ కోవలోవే.

కూలీలు నడవడం, తట్టలు అందించడం వంటి దృశ్యాలను స్లోమోషన్‌లో పెట్టవద్దని నా గట్టి సలహా. పురోగతి వీడియో చూసే యజమానికి ఆ నెమ్మది అందంగా తోచదు, పని మందకొడిగా సాగుతోందన్న భావన కలిగిస్తుంది. కష్టపడి పనిచేసినవారికి అది న్యాయం కాదు.

మన 30 సెకన్లను ఇలా పంచుకుందాం: స్లాబ్ మొత్తాన్ని చూపే టైమ్‌లాప్స్ 12 సెకన్లు, మామూలు వేగంలో ఒక షాట్ 3 సెకన్లు, కాంక్రీట్ సర్దే బృందం మీద దగ్గరి టైమ్‌లాప్స్ 6 సెకన్లు, మామూలు వేగంలో మరో షాట్ 3 సెకన్లు, చివరగా గొట్టం నోటి దగ్గర స్లోమోషన్ 6 సెకన్లు. వేగం మారే ప్రతిచోటా మధ్యలో మామూలు షాట్ ఉండటం గమనించండి. అది లేకుండా టైమ్‌లాప్స్ పక్కనే స్లోమోషన్ అతికిస్తే, తాను చూస్తున్నది ఏ వేగమో ప్రేక్షకుడికి రెండు సెకన్ల పాటు అర్థం కాదు. అంతలో షాట్ సగం గడిచిపోతుంది.

3. టైమ్‌లాప్స్ ఇంటర్వెల్‌ను లెక్కగట్టి రాయండి

లెక్క ఒక వరుసే.

ఇంటర్వెల్ = పని జరిగే సెకన్లు ÷ (తెర సెకన్లు × 25)

9 గంటలంటే 32,400 సెకన్లు. తెర మీద 12 సెకన్లకు 300 ఫ్రేములు కావాలి. భాగిస్తే 108 సెకన్లు వస్తుంది. అంటే 108 సెకన్లకు ఒక ఫొటో తీస్తే సరిగ్గా 12 సెకన్ల షాట్ తయారవుతుంది. కానీ ఆ అంకెను యథాతథంగా నోట్‌లో రాయవద్దు. సరిగ్గా 300 ఫ్రేములే ఉంటే, వాటిలో పంపు బూమ్ అడ్డొచ్చినవీ పక్షి కూర్చున్నవీ తీసేసిన వెంటనే షాట్ తగ్గిపోతుంది. పైగా పోత రెండు గంటలు ముందే ముగిస్తే ఎడిటర్ చేతిలో సుమారు 9 సెకన్ల షాటే మిగులుతుంది.

అందుకే 108ని గరిష్ఠ హద్దుగా చూసుకుని, నోట్‌లో 10 సెకన్లు అని రాయండి. అప్పుడు 3,240 ఫ్రేములు వస్తాయి. వాటిని ఉన్నవున్నట్టు నడిపిస్తే సుమారు 130 సెకన్ల షాట్. ఎడిటర్ దాన్ని దాదాపు 11 రెట్లు వేగవంతం చేసి 12 సెకన్లకు తెస్తాడు. వేగవంతం చేసేటప్పుడు పక్కపక్క ఫ్రేములను కలిపి ఒకటిగా చేసే సదుపాయం వాడమని కూడా నోట్‌లో రాయండి. అప్పుడు మనుషులు పలచని నీడల్లా సాగిపోతారు, తడి అంచు మాత్రం స్పష్టంగా ముందుకు జరుగుతుంది. 108 సెకన్లకు ఒకటి చొప్పున తీసి ఉంటే కలపడానికి మధ్యలో ఫ్రేములే ఉండవు.

దగ్గరి టైమ్‌లాప్స్ విషయం వేరు. అక్కడ మనుషుల చేతుల పని కనిపించాలి కనుక ఇంటర్వెల్ 2 సెకన్లు ఉండాలి. 6 సెకన్లకు 150 ఫ్రేములు, అంటే 5 నిమిషాల పని. అయినా కెమెరామన్‌కు 20 నిమిషాలు తీయమని రాయండి. 600 ఫ్రేములు వస్తాయి, వాటిలో బాగా సాగిన 5 నిమిషాలను ఎడిటర్ ఎంచుకుంటాడు. ఈ షాట్‌ను తొలి గంటలో తీయకుండా, బృందం ఒక ఊపు అందుకున్నాక తీయమనడం మంచిది.

నిల్వ లెక్కనూ ఇక్కడే వేయండి. ఒక్కో ఫొటో 8 మెగాబైట్లు అయితే 3,240 ఫొటోలకు సుమారు 26 గిగాబైట్లు అవుతాయి. కార్డు మధ్యాహ్నానికే నిండిపోవడం చాలా సాధారణమైన పొరపాటు. నోట్‌లో “64 గిగాబైట్ల ఖాళీ కార్డు, కరెంటు అడాప్టర్” అన్న ఒక్క పంక్తి దాన్ని ఆపుతుంది.

ఫోన్‌తో తీసేవారికి ఒక హెచ్చరిక. కొన్ని ఫోన్లలోని టైమ్‌లాప్స్ సదుపాయం, రికార్డింగ్ ఎంత సాగితే ఇంటర్వెల్‌ను అంత పెంచుకుంటూ పోతుంది. 9 గంటలు తీసినా అర నిమిషం వీడియోనే ఇస్తుంది. అలాంటి ఫోన్‌కు ఇంటర్వెల్ 10 సెకన్లు అని రాసినా అది పాటించదు. ఇంటర్వెల్‌ను మన చేత్తో పెట్టుకునే యాప్ వాడమని నోట్‌లోనే రాయండి.

4. కెమెరా చోటును, చట్రాన్ని మాటల్లో బిగించండి

“ఎత్తు నుంచి వైడ్ షాట్” అంటే చాలదు. స్లాబ్ మట్టంలోనే నిలబడి తీస్తే కంబి చువ్వలు, కాళ్లు తప్ప ఏమీ కనిపించవు. కెమెరా స్లాబ్ కంటే కనీసం ఒక అంతస్తు ఎత్తులో ఉండాలి. తడి అంచు ఫ్రేములో ఒక పక్క నుంచి మరో పక్కకు జరిగేలా చూసుకోవాలి. అంచు కెమెరా వైపు నేరుగా వస్తుంటే మార్పు ముందు భాగంలో ఒక గీతలా మాత్రమే తెలుస్తుంది. పంపు నిలబడే వైపు కెమెరా పెడితే బూమ్ మాటిమాటికీ లెన్స్ ముందు నుంచి దాటుతుంది, కాబట్టి వీలైతే ఎదురు వైపు ఎంచుకోండి.

మూడు చోట్లను నోట్‌లో స్పష్టంగా నిషేధించండి. పోస్తున్న స్లాబ్ సెంట్రింగ్ మీద స్టాండ్ పెట్టకూడదు. పంపు తోపులకూ వైబ్రేటర్‌కూ అది ఆగకుండా అదురుతుంది. పరంజా మీద పెట్టకూడదు. అది మనుషుల నడకకు ఊగుతుంది, పైగా సాయంత్రానికి ఎవరో ఒకరు విప్పేయవచ్చు. బండ్లు తిరిగే దారి పక్కన పెట్టకూడదు. పూర్తయిన పక్క భవనం మేడ, మెట్ల గది పైభాగం వంటివి సరైన చోట్లు. ఎక్కడ పెట్టినా సైట్ భద్రతాధికారి అనుమతి తీసుకున్నట్టు నోట్‌లో ఒక పంక్తి ఉండాలి. అనుమతి లేని స్టాండును పని మధ్యలో తీసేయమంటే 9 గంటల షాట్ పోతుంది.

వెలుతురు గురించి కూడా రాయాలి. ఫోకస్, వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ, అపెర్చర్, షట్టర్ వేగం అన్నీ చేత్తో స్థిరం చేయమనండి. ఇవి ఆటోలో ఉంటే తెల్లచొక్కా మనిషి ఫ్రేములోకి వచ్చిన ప్రతిసారీ బొమ్మ మొత్తం చీకటవుతుంది, తెర మీద అది మినుకుమినుకుమంటుంది. అయితే ఉదయం 7కు, మధ్యాహ్నం 12కు వెలుతురులో చాలా తేడా ఉంటుంది. నేను అనుసరించే పద్ధతి ఇది: ఎక్స్‌పోజర్‌ను మధ్యాహ్నపు వెలుతురుకు తగ్గట్టు పెట్టి, ఉదయపు ఫ్రేములు కొంత చీకటిగా ఉన్నా ఫర్వాలేదనుకుని, వాటిని ఎడిటింగ్‌లో సరిదిద్దడం. చీకటి ఫ్రేమును తేలికగానే వెలిగించవచ్చు, తెల్లగా కాలిపోయిన కాంక్రీట్‌ను మాత్రం తిరిగి తేలేం. రోజంతా మబ్బులు వచ్చిపోతూ ఉంటే షట్టర్ వేగాన్ని మాత్రం ఆటోకు వదిలి, మినుకును ఎడిటింగ్‌లో తగ్గించుకోవడం ప్రత్యామ్నాయం. రెండింటిలో ఏది అన్నది నోట్‌లో ఉండాలి.

5. స్లోమోషన్‌కు రికార్డు వేగాన్ని రాయండి

“స్లోమోషన్, 6 సెకన్లు” అని రాస్తే కెమెరామన్ మామూలుగా 25 ఫ్రేములతో తీసి ఎడిటర్‌కు వదిలేసే ప్రమాదం ఉంది. ఎడిటర్ దాన్ని నాలుగు రెట్లు సాగదీస్తే ఒక్కో ఫ్రేమే నాలుగుసార్లు కనిపించి బొమ్మ తడబడుతుంది. నిజమైన స్లోమోషన్‌కు అదనపు ఫ్రేములు తీసేటప్పుడే పుట్టాలి.

లెక్క ఇదీ: రికార్డు ఫ్రేములను 25తో భాగిస్తే ఎన్ని రెట్లు నెమ్మదో వస్తుంది. సెకనుకు 100 ఫ్రేములతో తీస్తే 4 రెట్లు. గొట్టం నుంచి కాంక్రీట్ పడి విరజిమ్మే ఒకటిన్నర సెకను తెర మీద 6 సెకన్లవుతుంది. ఈ రెండు అంకెలనూ, అంటే సైట్ మీద 1.5 సెకన్లు, తెర మీద 6 సెకన్లు అని, పక్కపక్కనే రాయండి. కెమెరామన్ మాత్రం 10 సెకన్ల పాటు రికార్డు చేయాలి. అందులోంచి మంచి క్షణాన్ని ఎంచుకోవచ్చు. సెకనుకు 120 ఫ్రేములే ఇచ్చే ఫోన్ అయితే 4.8 రెట్లు నెమ్మదవుతుంది కనుక 1.25 సెకన్ల పని 6 సెకన్లకు సరిపోతుంది.

షట్టర్ వేగం రికార్డు ఫ్రేములకు రెట్టింపు ఉండాలన్నది సాధారణ నియమం. 100 ఫ్రేములకు సెకనులో 200వ వంతు. పగటి వెలుతురులో దీనికి ఇబ్బంది లేదు. కరెంటు దీపాల కింద తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి అది తెలియదు. 120 ఫ్రేములతో తీస్తే ఆ మినుకు తెర మీద అలల్లా బయటపడుతుంది. అక్కడ 100 ఫ్రేములు, సెకనులో 100వ వంతు షట్టర్ వాడమని రాయండి. 60 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట 120 ఫ్రేములు, సెకనులో 120వ వంతు సురక్షితం.

ఇంకొక విషయం స్క్రిప్ట్ రాసేవారు సాధారణంగా ఆలోచించరు. స్లోమోషన్ తప్పును కూడా నాలుగు రెట్లు ఎక్కువసేపు చూపిస్తుంది. కాంక్రీట్ చాలా ఎత్తు నుంచి పడితే కంకర విడిపోతుంది. 1.5 మీటర్లకు మించి వదలకూడదన్న నిబంధన చాలా సైట్లలో పాటిస్తారు. గొట్టం నోరు అంతకంటే ఎత్తులో ఉన్నట్టు మీ షాట్‌లో కనిపిస్తే, వీడియో చూసే ఇంజినీర్లు మొదట దాన్నే అడుగుతారు. గొట్టం పట్టుకున్న వ్యక్తికి హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు ఉన్నాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. అందుకని “షాట్‌కు ముందు గొట్టం ఎత్తును, రక్షణ సామగ్రిని సైట్ ఇంజినీర్‌తో సరిచూడాలి” అని నోట్‌లో రాయండి. లోపం ఉంటే పనిని సరిదిద్దాక తీయాలి, కెమెరా కోణం మార్చి దాచకూడదు.

6. శబ్దం, వ్యాఖ్యానం, తెరపై రాత

టైమ్‌లాప్స్‌కు శబ్దం ఉండదు. చాలా కెమెరాలు ఎక్కువ ఫ్రేముల రికార్డింగ్‌లో శబ్దాన్ని తీసుకోవు, తీసుకున్నా నెమ్మదించాక అది పనికిరాదు. అంటే మన 30 సెకన్లలో 24 సెకన్లకు సైట్ శబ్దమే లేదు. పంపు హోరు, వైబ్రేటర్ మోత, పారల చప్పుడు విడివిడిగా ఒక్కో నిమిషం రికార్డు చేయమని నోట్‌లో రాయండి. ఇది మర్చిపోతే ఎడిటర్ మొత్తం సంగీతంతో నింపాల్సి వస్తుంది.

వ్యాఖ్యానానికి నేను సెకనుకు రెండు పదాలకు మించి రాయను. 12 సెకన్ల టైమ్‌లాప్స్‌కు 20 నుంచి 24 పదాలు సరిపోతాయి. స్లోమోషన్ మీద వ్యాఖ్యానం వద్దు.

తెరపై రాత విషయంలో మాత్రం పట్టుదలగా ఉండాలి. పురోగతి వీడియో ఒక రికార్డు కూడా. దాన్ని చూసి బిల్లులు, గడువులు మాట్లాడుకుంటారు. సమయాన్ని మార్చి చూపిన ప్రతిచోటా తేదీతో పాటు “9 గంటల పని 12 సెకన్లలో” అన్న మాట తెర మీద ఉండాలి. “250 రెట్ల వేగం” వంటి అంకెలు రాయవద్దు. అవి తీసేటప్పటి ఇంటర్వెల్‌ను బట్టి వచ్చినవి. ఎడిటర్ మళ్లీ వేగవంతం చేశాక అవి తప్పవుతాయి. మన వైడ్ షాట్ తెర మీద నిజానికి 2,700 రెట్లు వేగంగా నడుస్తుంది. మధ్యలో ఒక భాగాన్ని మాత్రం నెమ్మదించి చూపడం కూడా సరికాదు. అలా చేస్తే పని ఆ గంటలో మందగించిందని చూసేవారు పొరబడతారు. టైమ్‌లాప్స్ మొత్తం ఒకే వేగంలో ఉండాలని నోట్‌లో రాసేయండి.

7. పూర్తి నోట్

ఇప్పటివరకు చెప్పుకున్నది ఒకచోట చేరిస్తే వైడ్ షాట్ నోట్ ఇలా ఉంటుంది.

షాట్ 14. టైమ్‌లాప్స్, వైడ్. విషయం: మూడవ అంతస్తు స్లాబ్ పోత.
సైట్ సమయం: ఉదయం 6:50 నుంచి సాయంత్రం 4:10 వరకు. తెర సమయం: 12 సెకన్లు, మొత్తం ఒకే వేగం.
ఇంటర్వెల్: 10 సెకన్లు. అంచనా ఫ్రేములు: 3,360.
కెమెరా: పక్క బ్లాకు మేడ మీద, పంపుకు ఎదురు వైపు. తడి అంచు ఎడమ నుంచి కుడికి జరగాలి. ఫ్రేములో కదలని గుర్తులు: మెట్ల గది మూల, వెనక నీళ్ల ట్యాంకు.
స్థిరం చేయవలసినవి: ఫోకస్, వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ, అపెర్చర్, షట్టర్ వేగం. ఎక్స్‌పోజర్ మధ్యాహ్నానికి.
ఎడిటింగ్: ఫ్రేములు కలిపి వేగవంతం చేయాలి. తెరపై రాత: తేదీ, “9 గంటల పని 12 సెకన్లలో”.
శబ్దం: విడిగా, పంపు ఒక నిమిషం.
అవాంతరం వస్తే: వాన పడితే లెన్స్ కప్పి, కెమెరా ఆపకుండా ఉంచాలి, ఆగిన సమయాన్ని షాట్ పుస్తకంలో రాయాలి.

ముందు వెనక చెరో 10 నిమిషాలు కలవడంతో అంచనా 3,240 నుంచి 3,360 అయింది. ఎడిటర్ ఆ చివరలను అవసరమైనంత మేరకు కత్తిరించుకుంటాడు. “అవాంతరం వస్తే” అన్న పంక్తిని చిన్నదని వదిలేయకండి. పంపు గంటసేపు ఆగిపోతే కెమెరామన్ కూడా కెమెరా ఆపేస్తే, తెర మీద ఆ గంట లేనే లేనట్టు పని సాగిపోతుంది. ఆగిన గంట ఫ్రేములు మన దగ్గర ఉంటే, దాన్ని ఉంచాలా తీసేసి తెర మీద ఆ సంగతి రాయాలా అన్నది తరువాత నిర్ణయించుకోవచ్చు.

నెలంతా నడిచే స్థిర కెమెరాకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది, ఒక మార్పుతో. 15 నిమిషాలకు ఒకటి చొప్పున రోజుకు 40 ఫ్రేములు తీసి అన్నీ వాడితే, ఒక్కో రోజు 1.6 సెకన్లలో గడిచి నీడలు మాటిమాటికీ ఊడ్చినట్టు తిరుగుతాయి. 30 రోజులను 8 సెకన్లలో చూపాలంటే 200 ఫ్రేములు చాలు. రోజుకు 6 లేక 7 ఫ్రేములను, ప్రతిరోజూ అవే గడియారపు వేళల నుంచి తీసుకోమని నోట్‌లో రాయండి. భవనం పైకి లేస్తుంది కనుక మొదటి రోజే ఆఖరి ఎత్తుకు సరిపడా ఖాళీ ఆకాశాన్ని పైన వదలమనండి.

8. ఫలితాన్ని ఎలా తనిఖీ చేయాలి

మొదటి తనిఖీ కాగితం మీదే జరగాలి. స్క్రిప్ట్‌లోని తెర సమయాలను కూడండి. 12, 3, 6, 3, 6 కలిపి 30 రావాలి. ప్రతి నోట్‌లో సైట్ సమయం, తెర సమయం రెండూ ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి.

రెండవది షూటింగ్ రోజు ఉదయం. టైమ్‌లాప్స్ మొదలైన 5 నిమిషాలకు 30 ఫ్రేములు ఉండాలి. కెమెరాలో వాటిని చకచకా తిప్పి చూస్తే చట్రం కదులుతోందా, వెలుతురు మినుకుతోందా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. 30కి బదులు 25 ఉంటే ఒక్కో ఫొటోను కార్డులో రాయడానికి కెమెరాకు 10 సెకన్లు చాలడం లేదని అర్థం. ఫైలు పరిమాణం తగ్గించండి లేదా వేగమైన కార్డు వాడండి. స్లోమోషన్‌కు ఒక పరీక్షా షాట్ తీసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫ్రేమూ ముందుకు జరపండి. ప్రతి అడుగుకూ బొమ్మ కొద్దిగా మారితే అది నిజమైన స్లోమోషన్. ఒకే బొమ్మ నాలుగు అడుగుల పాటు నిలిచిపోతే రికార్డు వేగం తప్పుగా ఉందని తెలుసుకోవాలి.

మూడవది పని ముగిశాక. కార్డులోని ఫ్రేములను లెక్కించి నోట్‌లోని అంచనాతో పోల్చండి. 3,360కి బదులు 3,220 ఉన్నాయనుకోండి. 140 ఫ్రేములు తక్కువ, అంటే 1,400 సెకన్లు, సుమారు 23 నిమిషాలు ఎక్కడో జారిపోయాయి. ఫైళ్ల సమయాలను వరుసగా చూస్తూ వెళ్తే రెండు ఫొటోల మధ్య 10 సెకన్లకు బదులు 23 నిమిషాలు గడిచిన చోటు దొరుకుతుంది. దాన్ని షాట్ పుస్తకంతో సరిపోల్చండి. బ్యాటరీ మార్చిన సమయమైతే చట్రం జరిగిందేమో కూడా చూడాలి: ఆ చోటుకు ముందు, తరువాత ఉన్న రెండు ఫ్రేములను ఒకదానిపై ఒకటి వేసి, మెట్ల గది మూల, నీళ్ల ట్యాంకు ఒకే చోట ఉన్నాయో లేదో గమనించండి. కొద్దిగా జరిగి ఉంటే ఎడిటర్ సరిచేయగలడు. చాలా జరిగి ఉంటే ఆ చోట షాట్‌ను రెండుగా విరిచి, మధ్యలో మన దగ్గరున్న 3 సెకన్ల మామూలు షాట్ పెట్టి, తెరపై రాతను రెండు భాగాలకూ విడివిడిగా, అసలు గంటలతో తిరిగి రాయండి.